గజం 7,999… మరి ఎకరం ఎంత? హైవే బోర్డును ఆపి చదువుదాం

హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే 163 నంబర్ హైవే ఎక్కితే ఘట్‌కేసర్ దాటినంక రెండు దిక్కుల బోర్డులే. బీబీనగర్, భువనగిరి, యాదగిరిగుట్ట తొవ్వ దాక గదే లెక్క. అందుల ఎక్కువ ప్లాట్లయే. జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ చదివే పిల్లలు యాడ్‌ల గురించి ప్రాజెక్టు చెయ్యమంటే సబ్బులు, కూల్‌డ్రింకుల యాడ్‌లు పట్టుకొస్తరు. సబ్బు యాడ్ నమ్మితే పోయేది నలబై రూపాయలు. ప్లాటు బోర్డు నమ్మితే బాపు అమ్మిన రెండెకరాల పైసలు పోతయి. అందుకే ప్లాటు బోర్డునే ముంగటేసుకుందాం.

ఇది ఒక్క కంపెనీ మీద కోపంతోని రాస్తున్నది కాదు. ఈ రోడ్డు మీద కనబడే నాలుగైదు బోర్డుల కొలతలు, మాటలు ఒక్క బోర్డుల కలిపి, పేరు కొట్టేసి, నమూనాగ చెప్తున్న. మీ ఊరి దగ్గర బోర్డు ఫోటో తీసి పక్కన పెట్టుకుంటే ఇందుల ముప్పావు వంతు దాంట్ల కూడ దొరుకుతది.

మన నమూనా బోర్డు 40 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. ఎడమ దిక్కు ఒక కుటుంబం: భర్త, భార్య, ఒక కొడుకు, ఒక బిడ్డ. ఎనక పచ్చటి గడ్డి, నల్లటి తారు రోడ్డు, వరుసగ కొబ్బరి చెట్లు. కుడి దిక్కు ఎర్రటి పట్టీ మీద పసుపు అంకెలు: గజం 7,999 నుంచి. కుటుంబం తలల మీద స్లోగన్: ‘మీ బిడ్డ రేపటికి ఈ భూమే భరోసా’. ఒక మూలకు దీపాలు పెట్టిన గుడి గోపురం. ఇంకో మూలకు ‘రీజినల్ రింగ్ రోడ్డుకు 10 నిమిషాలు’. అన్నిటికంటె కింద ఒక సన్నటి పట్టీ, అందుల తెల్లటి చీమలసొంటి అక్షరాలు.

ఇందుల అబద్ధం ఏది అని అడిగితే పిల్లలు వెంటనే గడ్డి మీద, కొబ్బరి చెట్ల మీద పడ్తరు. ‘అక్కడ ఉన్నది ఎర్ర చెల్క సార్, గడ్డి యాడిది’ అంటరు. నిజమే. కాని కింది చీమల అక్షరాలల్ల ‘బొమ్మలు ఊహాచిత్రాలు మాత్రమే’ అని ఇంగ్లీషుల రాసే ఉంటది. ధర దగ్గర ‘నుంచి’ అని ఉంది. రింగ్ రోడ్డు మాట పక్కన చిన్నగ చుక్క గుర్తు ఉంది. ఒక్కొక్క మాటను ఇడదీసి పట్టుకుంటే బోర్డు దొరకదు. అది మనను ఒప్పించేది మాటలతోని కాదు, ఆ మాటల్ని అమర్చిన తీరుతోని. ఏది పెద్దగ పెట్టిండ్రు, ఏది చిన్నగ పెట్టిండ్రు, దేని పక్కన దేన్ని పెట్టిండ్రు అన్నకాడ్నే ఉంది కథంత.

ముందుగాల స్కేలు తీయుండ్రి

రంగు గురించి, మోడల్ గురించి మాట్లాడే ముందు ఒక కొలత పని చెయ్యాలె. ఇది మీ చేతుల ఉన్న ఫోన్‌తోని, స్కూల్ స్కేలుతోని అయితది. ఒక్కటే షరతు, ఫోటోను బోర్డుకు ఎదురుంగ నిలబడి తీయాలె. పక్కనుంచి తీస్తే ఒక దిక్కు అక్షరాలు పెద్దగ, ఇంకో దిక్కు చిన్నగ పడి కొలత తప్పుతది.

ఫోటోను బోర్డు ఎత్తు సరిగ్గ 10 సెంటీమీటర్లు వచ్చేటట్టు స్క్రీన్ మీద పెద్దగ చేసుకోండ్రి, లేకుంటే ప్రింటు తీయుండ్రి. నిజం బోర్డు ఎత్తు 20 అడుగులు గద. అంటే ఫోటోల ఒక మిల్లీమీటరు అసలు బోర్డు మీద 2.4 అంగుళాలు. ఇగ కొలువుండ్రి. మన నమూనాల ధర అంకెలు 25 మిల్లీమీటర్లు వచ్చినయి, అంటే ఐదు అడుగులు. ఒక పొట్టి మనిషంత ఎత్తు. స్లోగన్ అక్షరాలు 12 మిల్లీమీటర్లు, అంటే దగ్గర దగ్గర 29 అంగుళాలు. కింది పట్టీల రెరా నంబర్ ఒక్కటే మిల్లీమీటరు. రెండున్నర అంగుళాలు కూడ లేదు.

బోర్డులు తయారు చేసేటోళ్లకు ఒక మోటు లెక్క ఉంటది: అక్షరం ఒక అంగుళం ఎత్తుంటే మహా అంటే 30 అడుగుల దూరం నుంచి చదవొచ్చు. సుఖంగ చదవాలంటే పది అడుగులే. ఇది ఇంగ్లీషు పెద్దక్షరాలకు కట్టిన లెక్క. మన తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటయి కాబట్టి ఇంకా పెద్దగ ఉంటేనే కనబడ్తది. అయినా బోర్డోళ్లకు లాభం ఉండేటట్టే 30 అడుగులు పట్టుకుందాం.

బస్సో, కారో గంటకు 80 కిలోమీటర్ల మీద పోతుందనుకోండ్రి. అంటే ఒక్క సెకనుకు 73 అడుగులు. బోర్డు 500 అడుగుల నుంచి కనబడుడు షురూ అయితే, దాన్ని దాటేదాక మనకు ఉన్నది ఏడు సెకన్లు. ధర అంకెలు ఆ ఏడు సెకన్లూ చదవొస్తది. స్లోగన్ కూడ అంతే. రెరా నంబర్ మాత్రం 72 అడుగుల దగ్గరకు పోయినంకనే చదవొచ్చు, అంటే ఒకే ఒక్క సెకను. అప్పటికి బోర్డు మన ముంగట ఉండదు, పక్కకు, నెత్తి మీదికి పోతది. మెడ తిప్పి పైకి చూసుకుంట, పది పన్నెండు అక్షరాల నంబర్‌ను ఒక్క సెకన్ల చదవగలిగే మనిషి ఎవలన్న ఉంటే నాకు చూపియ్యుండ్రి. దానికి తోడు బోర్డు కింది అంచును చాన కాడ తుమ్మకొమ్మనో, ఇంకెవలిదో పుట్టినరోజు ఫ్లెక్సీనో కప్పేస్తది.

అంటే ఆ నంబర్ చదివేందుకు పెట్టింది కాదు, ఉందని చెప్పుకునేందుకు పెట్టింది.

ఇందుకే బోర్డును ఫోటో తీసి చదువుడు వేరే పని, తొవ్వల చూసుడు వేరే పని అని చెప్తున్న. ఫోటోల మనకు ఎంత టైమన్న ఉంటది, జూమ్ చేసుకోవచ్చు. తొవ్వల పోయేటోనికి ఏడు సెకన్లే. క్లాసుల ఫోటో చూసి ‘కింద అన్నీ రాసే ఉన్నయి గద సార్’ అనే పోరలు ఈ తేడానే మరుస్తరు. దీనికి ఒక పరీక్ష ఉంది. ఫోటోను ఇంట్ల అవ్వకు, బాబాయికి, పక్కింటామెకు ఐదు సెకన్లు చూపి ఫోన్ తిప్పేయుండ్రి. ‘ఏం గుర్తున్నది?’ అని అడుగుండ్రి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండ్రి. బోర్డు నిజంగ ఏం చెప్తుందో మీ విశ్లేషణ కంటె ఆ కాయితమే బాగ చెప్తది.

రంగు మాట

రంగుల గురించి పుస్తకాల చదివొచ్చిన పిల్లలు ‘ఆకుపచ్చ అంటే శాంతి, ఎరుపు అంటే ఆవేశం’ అని రాస్తరు. గట్ల రాస్తే నేను మార్కులు ఇయ్య. ఎరుపు పెండ్లి చీరల ఒకటి, లారీ ఎనక లైటుల ఒకటి, పార్టీ జెండల ఇంకొకటి. రంగుకు ఒంటరిగ అర్థం ఉండదు, అది ఏ పక్కన ఏ పనికి నిలబడ్డదో చూడాలె. దానికి అడ్డతొవ్వ ఏందంటే, మార్చి చూసుడు. ఫోన్ల ఫోటో ఎడిట్ చేసే యాప్ ఉంటది గద. మొదట ఫోటోను బ్లాక్ అండ్ వైట్ చేయుండ్రి. ఏది పోయింది, ఏది నిలబడ్డది?

మన నమూనాల పసుపు అంకెలు బ్లాక్ అండ్ వైట్‌ల కూడ మెరుస్తనే ఉన్నయి. ఎందుకంటే పసుపు బాగ వెలుగున్న రంగు, దాని ఎనక ముదురు ఎరుపు. వెలుగుకు, చీకటికి నడిమిట్ల తేడా ఎంత ఎక్కువుంటే అక్షరం అంత దూరం పోతది. అంటే అక్కడ పసుపు ‘సంపదకు గుర్తు’ అయినా కాకపోయినా, ముందుగాల అది చదివిచ్చే పని చేస్తుంది. కింది పట్టీ చూడుండ్రి. తెల్లటి అక్షరాలు, లేత ఆకుపచ్చ గడ్డి మీద. బ్లాక్ అండ్ వైట్ చేయంగనే గడ్డిల కలిసిపోయినయి. చిన్న అక్షరానికి తోడు బలహీనమైన రంగు. ఇది డిజైన్ చేసేటోనికి తెల్వక అయ్యింది కాదు, ధర దగ్గర తెలిసినోనికి కింద ఎట్ల తెల్వకపోతది?

ఇగ ఆకుపచ్చ. చెల్కకు గడ్డి రంగు ఎయ్యుడు ఒక పని, అది అందరికీ కనబడ్తది. ఇంకో పని ఉంది, అది జర సూక్ష్మం. కొన్ని బోర్డులు మొత్తం ముదురు ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలతోని వస్తయి, మూలకు తెల్ల బాణం గుర్తు, ‘ఎడమకు 2 కి.మీ.’ అని. మనం హైవే మీద ఊర్ల పేర్లు, దూరాలు చూపే సర్కారు బోర్డులను ఏ రంగుల చూస్తం? గదే ఆకుపచ్చ, గదే తెలుపు, గదే బాణం. ఆ బోర్డు చెప్పిన దూరాన్ని మనం ఎన్నడూ అనుమానించం, అది చెప్పినకాడ మలుగుతం. ఆ నమ్మకాన్ని ప్లాట్ల బోర్డు అప్పు తెచ్చుకుంటుంది. బాణాన్ని పసుపు చేసి, ఎనక రంగు గులాబీ చేసి చూడుండ్రి. అదే ‘2 కి.మీ.’ అంతకుముందులెక్క సర్కారు మాటతీరు వినబడదు.

‘10 నిమిషాలు’ అన్నదాని ముచ్చట కూడ ఇక్కడ్నే చెప్తా. నిమిషం అనేది దూరం కాదు. గంటకు 40 మీద పోతే పది నిమిషాలల్ల ఆరున్నర కిలోమీటర్లు, 80 మీద పోతే పదమూడు. ఏ స్పీడు మీద అన్నది బోర్డు చెప్పదు. పైగా రీజినల్ రింగ్ రోడ్డు అంటున్నరు, అది హైదరాబాద్ చుట్టూ వెయ్యాలని అనుకుంటున్న రోడ్డు. ఇంకా తారు పడని రోడ్డుకు పది నిమిషాలల్ల ఎట్ల పోతరు? అక్కడ పోయి నిలబడితే కనబడేది సర్వే రాళ్లు, లేకుంటే ఎవలిదో వరిపొలం.

ఆ కుటుంబం ఎవలు?

బోర్డు మీది భర్తకు ముప్పై ఐదేండ్లు ఉంటయి. ఇస్త్రీ చేసిన లేత నీలం అంగి. భార్యకు సాదా చీర, సన్నటి గొలుసు. తెల్లటి ఒళ్లు, తెల్లటి పండ్లు. వాళ్లు ఊరోళ్లు కాదు, అట్లని అమెరికా నుంచి వచ్చినోళ్లూ కాదు. బస్సుల కిటికీ పక్కన కూసున్న ఓ సార్, ఓ కండక్టర్, దుబాయికి పోయొచ్చిన ఓ అన్న, అందరూ ‘మేం ఇంకో మెట్టు ఎక్కితే ఇట్లుంటం’ అనుకునే దూరంల వాళ్లను నిలబెట్టిండ్రు. మరీ గొప్పోళ్లను పెడితే ‘మనకు కాదులే’ అని చూపు తిప్పుకుంటం. మనలెక్కనే చెమటలు పట్టినోళ్లను పెడితే ఆశ పుట్టదు. మోడల్‌ను ఎంచుకునేటప్పుడు కొలిచేది అందం ఒక్కటే కాదు, మనకూ వాళ్లకూ నడుమ ఉండే ఆ ఒక్క మెట్టు.

ఈ కుటుంబం నిజంగ ఆ వెంచర్ల ప్లాటు కొన్నదా అని తెలుసుకునుడు అల్కగ అయ్యే పని. ఫోటోల వాళ్ల మొఖాల కాడికి కత్తిరించి గూగుల్ లెన్స్‌ల వెతుకుండ్రి. చాన సార్లు అదే కుటుంబం ఇన్సూరెన్స్ పాలసీ కాడ, కుక్కర్ కాడ, పండ్ల దవాఖాన కాడ నవ్వుకుంట దొరుకుతది. వాళ్లు స్టాక్ ఫోటోలు అమ్మే సైట్ల మోడళ్లు, పైసలు కట్టి ఎవలన్న వాడుకోవచ్చు. అట్ల వాడుడు నేరం కాదు. కాని ‘మా సంతోషకరమైన కస్టమర్లు’ అని రాస్తే మాత్రం అది ఇంకో కథ అయితది.

ఇంకా ముఖ్యమైంది వాళ్ల చూపు. మనిషి అన్నోడు ఎదుటోని కండ్లు ఎటు పోతే అటు చూస్తడు, చిన్న పిల్లగాని నుంచే ఉన్న అలవాటు అది. చౌరస్తాల నలుగురు పైకి చూస్తుంటే ఐదోవాడు కూడ తల ఎత్తుతడు గద. మన నమూనాల భార్య చూపు బిడ్డ మీద ఉంది. బిడ్డ చూపు కుడి దిక్కు ధర మీద ఉంది. భర్త చెయ్యి కూడ ధర దిక్కే సాగింది. కొడుకు ఒక్కడు మాత్రం మన దిక్కు చూస్తుండు. మొదట కొడుకు మన కండ్లను పట్టుకుంటడు, ఎనక తల్లి బిడ్డకు అందిస్తది, బిడ్డ ధరకు అందిస్తది. ఇది మీకు అతిగ అనిపిస్తే బొటనవేలుతోని బిడ్డ మొఖం మూసి మళ్ల చూడుండ్రి. చూపు తల్లి దగ్గర్నే ఆగుతది, లేదా స్లోగన్ మీదికి పోతది. మూసినా చూపు అట్లనే పోతుంటే నా మాట తప్పని రాయుండ్రి, అన్ని బోర్డులల్ల ఈ తీరు ఉండదు.

వీళ్లల్ల లేనోడు ఎవలో కూడ చూడాలె. బోర్డుల రైతు లేడు. ఆ భూమి నిన్నటిదాక ఎవలిదో, అది కందిచేనో పత్తిచేనో, ఆ సర్వే నంబర్ల మీద కోర్టు కేసు ఉందో లేదో చెప్పే ఒక్క గీత లేదు. గడ్డి మొలిచిన తీరు చూస్తే అక్కడ ఎన్నడూ ఎవలూ నాగలి పట్టనట్టే ఉంది.

స్లోగన్ ఎందుకు అక్కడ్నే ఉంది

‘మీ బిడ్డ రేపటికి ఈ భూమే భరోసా’. ఈ మాటను ఎవలన్న తప్పని రుజువు చెయ్యగలరా? చెయ్యలేరు. భరోసా అంటే ఎంత, రేపు అంటే ఎప్పుడు అన్నది ఏం లేదు. ‘మూడేండ్లల్ల ధర రెండింతలు అయితది’ అని రాస్తే పట్టుకోవచ్చు, అది లెక్కకు నిలబడాలె. గాలిమాటకు ఆ బాధ లేదు. అందుకని బోర్డు మీది మాటల్ని రెండు గంపలల్ల ఎయ్యుండ్రి. పోయి చూసి నిజమో కాదో తేల్చగలిగేటియి ఒక దాంట్ల, తేల్చలేనియి ఇంకో దాంట్ల. ఎనక ఒక్కొక్క మాట పక్కన ఇందాక కొలిచిన ఎత్తు రాయుండ్రి.

మన నమూనాల తేల్చలేని మాట 29 అంగుళాలు. తేల్చగలిగే రెరా నంబర్ రెండున్నర అంగుళాలు కూడ లేదు. మధ్యల ఉన్నది ధర. అది తేల్చగలిగే మాటలెక్కనే ఉంటది, కాని ‘నుంచి’ అనే చిన్న మాట దాన్ని కూడ జారవిడిచింది. రోడ్డు పక్క ప్లాటు, తూర్పు మొఖం ప్లాటు, మూల ప్లాటు అన్నిటికీ అదనం. 7,999 కు వచ్చేది ఏ మూలకో నాలుగు ఉంటయి, అడిగేసరికి ‘అవి అయిపోయినయి అన్నా’ అంటరు.

స్లోగన్ కూసున్న జాగ ఇంకోటి చెప్తది. అది సరిగ్గ బిడ్డ తల మీద మొదలై ధర దిక్కు పోతది. తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతం కాబట్టి మొదట బిడ్డ, ఎనక భరోసా, ఎనక 7,999. బిడ్డ గురించిన బుగులు, దాని మందు, మందు ధర వరుసగ వచ్చినయి. అదే స్లోగన్‌ను కింద గడ్డి మీద పెట్టి చూడుండ్రి. ధర ముందు వస్తది, బుగులు ఎనక వస్తది, మనిషి ముందుగాల లెక్క కట్టుడు షురూ చేస్తడు. ఆడపిల్ల తండ్రి లెక్క కట్టకముందే గుండె పట్టుకోవాలె, అందుకే అది పైన ఉంది. కొడుకు తల మీద ఎందుకు లేదో మీకు చెప్పనవసరం లేదు. కట్నం పైసల బరువు ఏ ఇంట్ల ఎవరి పెండ్లి కాడ పడ్తదో ఊర్ల పుట్టినోళ్లకు తెలుసు.

ఇగ ధర దగ్గరికి వద్దాం. 8,000 కు 7,999 కు తేడా ఒక్క రూపాయి, కాని మొదటి అంకె ఏడు కనబడంగనే ‘ఏడు వేలల్ల’ అని బుర్రల పడ్తది. చెప్పుల షాపుకాడి పాత ఎత్తు ఇది, అందరికీ తెలిసిందే. దీనికంటె పెద్ద ఎత్తు గజం అన్న మాటల ఉంది. మన ఊర్ల భూమిని ఎకరం, గుంటలల్ల కొలుస్తం. గుంటకు 121 గజాలు, ఎకరానికి 4,840 గజాలు. 7,999 తోని గుణిస్తే గుంట 9 లక్షల 67 వేలు దాటుతది. ఎకరం 3 కోట్ల 87 లక్షలు. ఊర్ల కచ్చీరు కాడ కూసున్న పెద్దమనిషికి ‘ఎకరం మూడు కోట్ల ఎనబై ఏడు లక్షలు, తీసుకుంటవా పటేలా’ అంటే దండం పెట్టి లేస్తడు. గజం ఏడు వేలంటే మాత్రం ‘అగ్గువనే ఉన్నట్టుంది’ అంటడు. ధర మారలే, కొలిచే గిన్నె మారింది.

ఇక్కడ న్యాయంగ ఒక మాట చెప్పాలె. ఎకరమంత ప్లాట్లు కాదు. రోడ్లు, పార్కు, ఖాళీ జాగలు తీసేస్తే అమ్మకానికి మిగిలేది సగానికి జర ఎక్కువ. నూటికి 55 అనుకుందాం. అంటే 2,662 గజాలు, దాని ధర 2 కోట్ల 12 లక్షల చిల్లర. అందులకెళ్లి రోడ్లు, కాల్వలు, కరెంటు స్తంభాల ఖర్చు, ఆ బోర్డు కిరాయి, ఏజెంట్ల కమీషన్ పోవాలె. అంతా లాభమే అని నేను అంట లేను. మీ ఊర్ల ఎకరం ఎంతకు అమ్ముడుపోతుందో మీకు తెలుసు, దాన్ని పక్కన పెట్టుకొని చూడుమంటున్న. గజం లెక్క ఆ పోలికను మనకు తట్టనియ్యదు.

కింది పట్టీ, చట్టం

2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల కంటె ఎక్కువ జాగల, లేదా ఎనిమిది కంటె ఎక్కువ ఇండ్లతోని చేసే ప్రాజెక్టును రిజిస్టర్ చెయ్యకుండ అమ్మొద్దు, యాడ్ కూడ ఎయ్యొద్దు. 500 చదరపు మీటర్లంటే దగ్గర దగ్గర 600 గజాలే, ఏ వెంచర్ అయినా దాన్ని దాటుతది. యాడ్‌ల రెరా నంబర్ ఉండాలె, రెరా వెబ్‌సైట్ చిరునామా ‘ప్రముఖంగ’ కనబడాలె అని పదకొండో సెక్షన్ చెప్తది. ప్రముఖంగ అంటే ఎన్ని అంగుళాలో చట్టంల లేదు. ఆ సందులకెళ్లే రెండున్నర అంగుళాలు దూరినయి. మహారాష్ట్ర రెరా 2023 ఆగస్టు నుంచి యాడ్‌ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేసింది. పేపర్ యాడ్‌కు అది మంచిదే. 80 మీద పోయే బస్సుల కూసొని హైవే బోర్డును స్కాన్ చేసుడు మాత్రం సర్కస్ అయితది.

భాష కాడ ఇంకా గట్టి పట్టు ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌ల మార్గదర్శకాలు తెచ్చింది. దాని ప్రకారం గొప్ప మాట ఏ భాషల ఉంటే దాని కింది షరతు కూడ అదే భాషల ఉండాలె, అక్షరం కూడ అదే ఫాంటుల ఉండాలె, కండ్లకు కనబడేటట్టు ఉండాలె. మన నమూనాల గొప్పలు తెలుగుల ఉన్నయి, షరతులు ఇంగ్లీషుల ఉన్నయి. ‘కండిషన్స్ అప్లై’ అన్న రెండు ముక్కలు ఇంగ్లీషుల పెట్టుడు మనకు ఎంత అలవాటైపోయిందంటే అది తప్పని కూడ తోచదు. మీ ప్రాజెక్టుల రాయాల్సిన పాయింటు ఇది, ఎందుకంటే రంగు మీద వాదించొచ్చు గని దీని మీద వాదన ఉండదు. సినిమా హీరోనో, క్రికెటరో మోడల్‌గ ఉంటే ఇంకో అడుగు ముందుకు పోవచ్చు. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుడు యాడ్‌కు పది లక్షల దాక జరిమానా ఎయ్యొచ్చు. ముందుగాల విచారించుకోకుండ మొఖం అప్పిచ్చిన పెద్దమనిషికి కూడ అది వర్తిస్తది.

నంబర్ ఉన్నది కదా అని ఊకోవద్దు, దాన్ని తెరిచి చూడాలె. rera.telangana.gov.in ల రిజిస్టరైన ప్రాజెక్టుల దగ్గర వెతకొచ్చు. మన రాష్ట్రం నంబర్లు P అక్షరంతోని షురూ అయితయి. బోర్డు మీది పేరూ అక్కడి పేరూ ఒకటేనా, సర్వే నంబర్లు ఏవి, ఎన్ని ఎకరాలకు అనుమతి, పని ఎప్పటికల్ల అయిపోవాలె అన్నది అక్కడ ఉంటది. ఎక్కువగ బయటపడే మతలబు ఏందంటే, అనుమతి ఒక ముక్కకే ఉంటది, బోర్డు మాత్రం పక్క ముక్కను కూడ కలుపుకొని ‘మెగా వెంచర్’ అంటది. ఇంకోటి, లేఅవుట్‌కు మొదట వచ్చేది తాత్కాలిక అనుమతి. రోడ్లు, కాల్వలు అన్నీ చేసి చూపినంకనే ఫైనల్ వస్తది. బోర్డు మీద ‘అప్రూవ్డ్’ అన్న ఒక్క మాట రెండిటికీ పనికొస్తది.

ఇంట్ల ఎవలన్న ఇప్పటికే టోకెన్ ఇచ్చి ఉంటే రెండు సంగతులు చెప్పుండ్రి. రాతపూర్వక ఒప్పందం చేసి రిజిస్టర్ చెయ్యకుండ ధరల పదో వంతు కంటె ఎక్కువ తీసుకోవద్దని పదమూడో సెక్షన్ ఉంది. యాడ్‌ల తప్పుడు మాట నమ్మి పైసలు కట్టి నష్టపోయినోళ్లు బయటికి వస్తమంటే, కట్టిందంత వడ్డీతోని తిరిగి ఇయ్యాలని పన్నెండో సెక్షన్ ఉంది. దానికి సాక్ష్యం కావాలె గద. బోర్డు నాలుగు నెలలకు మారిపోతది. మీరు ఎదురుంగ నిలబడి తీసిన ఫోటో, తీసిన తారీఖు, కింది పట్టీని జూమ్ చేసి తీసిన ఇంకో ఫోటో, ఈ మూడూ ఉంచుకోండ్రి. ఫోన్‌ల తీసిన అసలు ఫైలునే ఉంచాలె, వాట్సాప్‌ల పంపిన కాపీల తారీఖు, చిన్న అక్షరాలు రెండూ పోతయి.

క్లాసు ప్రాజెక్టుకైతే చివరగ ఒక పని చెయ్యమంటా. అదే 40 బై 20 బోర్డు, అవే మాటలు, ఒక్క అక్షరం కలపకుండ, తీయకుండ సైజులు తారుమారు చేసి మళ్ల గీయుండ్రి. రెరా నంబర్, వెబ్‌సైట్ ఐదు అడుగుల అంకెలల్ల, పసుపు మీద నలుపు. షరతులు తెలుగుల, స్లోగన్ అంత సైజుల. ధర మధ్యల. స్లోగన్ కింది అంచుకు, గడ్డి మీద తెల్లగ, రెండున్నర అంగుళాలల్ల. కుటుంబాన్ని మాత్రం ఉన్నకాడ్నే ఉంచుండ్రి. ఎనక ఈ కొత్త బొమ్మను కూడ అవ్వకు, బాబాయికి, పక్కింటామెకు ఐదు సెకన్లు చూపి, మొదటి కాయితం పక్కన్నే రెండో కాయితం మీద వాళ్లు చెప్పింది రాసుకోండ్రి.